పుస్తె ఏ పేజీలో పడింది?

ఆల్బమ్ పదకొండో షీటు తిప్పితే పెళ్ళికూతురు గుమ్మం పక్కన నిలబడి నవ్వుతోంది. వెనక నుంచి ఉదయపు వెలుతురు, తలలో పూలజడ, చీర కుచ్చిళ్ళు సర్దిన తీరు, అన్నీ అందంగా కుదిరాయి. పేజీ పైన బంగారు అక్షరాలతో "పెళ్ళికూతురు ముస్తాబు" అని రాసి ఉంది. కానీ ఆమె మెడలో అప్పటికే రెండు పుస్తెలు, పచ్చగా పసుపుతాడు ఉన్నాయి. మాంగళ్యధారణ చూడాలంటే ఇంకా పదకొండు షీట్లు తిప్పాలి. ఆల్బమ్ తయారుచేసిన కుర్రాడికి ఇది కనపడలేదు. అమ్మమ్మకు మాత్రం చూడగానే కనపడుతుంది. ఆవిడ కళ్ళు ముందు వెళ్ళేది మెడ మీదికే.

ఈ తప్పు ఎలా జరుగుతుందో స్టూడియోల్లో పనిచేసినవాళ్ళందరికీ తెలుసు. ముహూర్తానికి ముందు హడావుడిలో పెళ్ళికూతురిని విడిగా నిలబెట్టి తీరిగ్గా ఫొటోలు తీసే వ్యవధి ఉండదు. తంతు అంతా అయ్యాక, తెల్లవారి మంచి వెలుతురులో ఫొటోగ్రాఫర్ ఆమెను గుమ్మం దగ్గరికి పిలిచి నాలుగు ఫొటోలు తీస్తాడు. ఆల్బమ్ వేసేవాడు మొదటి పేజీలకు అందమైన ఒంటరి ఫొటో వెతుక్కుంటూ అదే తీసి పెడతాడు. అందం కోసం వరుస తప్పించిన చోట ఆల్బమ్ మాట తప్పినట్టే నాకనిపిస్తుంది. పెళ్ళి ఆల్బమ్ చూసేవాళ్ళు ఫొటోలు చూడటం లేదు, పెళ్ళిని మళ్ళీ నడిపించుకుంటున్నారు.

ఫిల్మ్ రోజుల్లో ఈ కష్టం ఇంతగా ఉండేది కాదు. రీలుకు ముప్ఫై ఆరు ఫొటోలు, నెగెటివ్ అంచు మీద ఒకటి నుంచి అంకెలు. రీలు డబ్బా మీద నంబరు వేసుకుంటే చాలు, వరుస దానంతటదే దొరికేది. ఇప్పుడు రెండు మూడు కెమెరాలు, వేలకొద్దీ ఫొటోలు. వాటిని వరుసలో పెట్టడమే ఒక పని అయింది. ఆ పని ఎలా జరగాలో ఒక పెళ్ళి ఊహించుకుని చూద్దాం.

వైశాఖ మాసం. శుభలేఖలో "బుధవారం రాత్రి 2.14 (తెల్లవారితే గురువారం)" అని ఉంది. ఉదయం రెండు ఇళ్ళలో విడివిడిగా నలుగు, మంగళస్నానాలు. సాయంత్రం కల్యాణమండపంలో ఎదుర్కోలు, ఆ తర్వాత రిసెప్షన్. రాత్రి పదకొండుకు స్నాతకం, కాశీయాత్ర. అర్ధరాత్రి దాటాక గౌరీపూజ, వరపూజ, కాళ్ళు కడగడం, కన్యాదానం. 2.14కు జీలకర్ర బెల్లం. తర్వాత మాంగళ్యధారణ, తలంబ్రాలు, హోమం, అరుంధతీ దర్శనం. పొద్దెక్కాక నాగవల్లి, అప్పగింతలు. మర్నాడు మగపెళ్ళివారింట గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం. ఫొటోలు తీసింది మగపెళ్ళివారి ఫొటోగ్రాఫర్, ఆడపెళ్ళివారి ఫొటోగ్రాఫర్, డాలస్ నుంచి కెమెరాతో వచ్చిన పెళ్ళికూతురి బావ. మొత్తం నాలుగు వేల ఫొటోలు. వాటిలోంచి రెండు వందలు ఏరి నలభై షీట్ల ఆల్బమ్ చేయాలి. షీటు అంటే పన్నెండు అంగుళాల ఎత్తు, తెరిచి పరిస్తే ముప్ఫై ఆరు అంగుళాల వెడల్పు.

అన్నీ ఒక ఫోల్డర్‌లో పోసి పేరు ప్రకారం వరుస పెడితే మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది. కెమెరా ఫైళ్ళకు ఇచ్చే అంకె 9999 దాటగానే మళ్ళీ 0001కి వస్తుంది. కన్యాదానం మధ్యలో అంకె తిరిగిందనుకోండి, కాళ్ళు కడిగిన ఫొటోలు చివరికి పోతాయి, పుస్తె కట్టిన ఫొటోలు ముందుకొస్తాయి. అందుకని పేరు వదిలేసి, ఫొటో తీసిన సమయం ప్రకారం వరుస పెట్టాలి. కంప్యూటర్‌లో దాన్ని Date taken అంటారు. తేదీవారీగా ఫోల్డర్లు చేసుకునేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మారుతుంది, కెమెరాకు అర్ధరాత్రితో మారుతుంది. ఇలాంటి పెళ్ళిలో స్నాతకం బుధవారం ఫోల్డర్‌లోకి, కన్యాదానం గురువారం ఫోల్డర్‌లోకి పోయి ఒకే తంతు రెండుగా తెగిపోతుంది.

సమయం ప్రకారం పెట్టినా గడియారాలు ఒకటి కావు. బావ కెమెరా ఇంకా డాలస్ టైములోనే ఉంది. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. రాత్రి 2.14కు అతను తీసిన జీలకర్ర బెల్లం మీద బుధవారం మధ్యాహ్నం 3.44 అని పడుతుంది. అంటే రిసెప్షన్‌కు ముందే ముహూర్తం అయిపోయినట్టు కనపడుతుంది. మగపెళ్ళివారి ఫొటోగ్రాఫర్ కెమెరా పన్నెండు నిమిషాలు ముందుంది. పదిన్నర గంటల తేడా ఎవరికైనా తెలుస్తుంది. పన్నెండు నిమిషాల తేడాయే ప్రమాదం, ఎందుకంటే పుస్తె కట్టడానికీ తలంబ్రాలకీ మధ్య గడిచే సమయం దాదాపు అంతే.

దీనికి విరుగుడు పెళ్ళిలోనే ఉంది. అన్ని కెమెరాలూ ఒకే క్షణాన్ని తీసే ఘట్టం ఒకటి కావాలి. జీలకర్ర బెల్లం తల మీద పెట్టగానే భజంత్రీలు జోరందుకుంటాయి, తెర కిందికి దిగుతుంది, అక్షింతలు గాలిలో ఉంటాయి. ఆ తెర దిగే క్షణం ప్రతి కెమెరాలోనూ ఉంటుంది. దాన్ని మూడు కెమెరాల్లోనూ వెతికి పక్కపక్కన పెడితే ఏది ఎంత ముందుందో, ఎంత వెనకుందో తేలుతుంది. అసలు సమయం ఎవరిదని అనుమానమొస్తే పెళ్ళిలో ఎవరో ఒకరు ఫోనుతో తీసిన ఫొటో చూడాలి. ఫోను నెట్‌వర్క్ నుంచి టైము సరిచేసుకుంటుంది కనుక సాధారణంగా దాన్ని నమ్మొచ్చు. కాకపోతే ఆ ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపించుకుంటే తీసిన సమయం పోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనాలి. తర్వాత లైట్‌రూమ్ లాంటి ప్రోగ్రాములో ఆ కెమెరా ఫొటోలన్నీ ఎంచుకుని, Edit Capture Time తెరిచి ఒక ఫొటో టైము సరిచేస్తే మిగతావన్నీ అంతే తేడాతో జరుగుతాయి. ఇది ఏరడానికి ముందే చేయాలి. ఏరాక చేస్తే అప్పటికే మనసులో తప్పు వరుస నాటుకుపోయి ఉంటుంది.

గడియారం ఇక్కడిదాకా తెస్తుంది. టైము పోయిన ఫొటోలు, చుట్టాలు పంపినవి, పాత ఆల్బమ్ నుంచి తిరిగి స్కాన్ చేసినవి ఉన్నప్పుడు ఫొటోనే అడగాలి. పెళ్ళి తంతులో ప్రతి ఘట్టమూ వధూవరుల ఒంటి మీద ఒక గుర్తు వదిలి వెళ్తుంది. తలంబ్రాలు పోశాక పసుపు బియ్యం జుట్టులో, దండల సందుల్లో ఇరుక్కుని గంటలకొద్దీ ఉంటాయి. జీలకర్ర బెల్లం ముద్ద నడినెత్తిన జిగురుగా మెరుస్తుంది. పుస్తె మెడలో ఉందా, కొంగుముడి పడిందా, కాలి వేళ్ళకు మెట్టెలు వచ్చాయా అని చూసుకుంటూ పోతే ఫొటో తన చోటు తానే చెబుతుంది. జుట్టులో బియ్యం ఉండి మెడలో పుస్తె కనపడకపోతే దండ వెనక దాగిందేమో చూడాలి తప్ప ముందుకు జరపకూడదు. బాసికం మీద మాత్రం ఆధారపడొద్దు. ఉక్కకు జారుతుంది, ఎవరో పిన్ని మళ్ళీ కడుతుంది. మధుపర్కాలు మంచి గుర్తే గానీ వాటిని ఎప్పుడు కట్టుకుంటారన్నది ఇంటింటి ఆనవాయితీ. ఆ ఇంటి పద్ధతి తెలిశాకే దాన్ని సాక్ష్యంగా తీసుకోవాలి.

ఆనవాయితీ మాటకొస్తే హోమం దగ్గర చాలా ఆల్బమ్‌లు తడబడతాయి. సప్తపది ముందా, లాజహోమం ముందా? ఆపస్తంబ గృహ్యసూత్రం ప్రకారం పాణిగ్రహణం కాగానే సప్తపది, తర్వాత ప్రధానహోమం, సన్నికల్లు తొక్కడం, పేలాలు వేల్చడం. ఆశ్వలాయన సూత్రంలో పేలాలు ముందు, ఏడడుగులు తర్వాత. తెలుగునాట ఆపస్తంబులు ఎక్కువే, అయినా అందరూ కారు. పైగా ప్రాంతాన్ని బట్టి, కులాచారాన్ని బట్టి పురోహితుడు కొన్ని కుదిస్తాడు, కొన్ని కలుపుతాడు. కాబట్టి ఇంటర్నెట్‌లో దొరికిన పట్టికను ఆల్బమ్ మీద రుద్దకూడదు. పెళ్ళికి ముందురోజు పురోహితుణ్ణి అడిగి ఆయన చేయించబోయే వరుస ఒక కాగితం మీద రాయించుకుంటే, అదే ఆ ఆల్బమ్‌కు విషయసూచిక. ఆ కాగితానికీ గడియారానికీ తేడా వస్తే గడియారాన్నే నమ్మండి, ఆరోజు అలాగే జరిగి ఉంటుంది.

ఇంకో పొరపాటు కూడా ఇక్కడే జరుగుతుంది. అగ్ని చుట్టూ తిరుగుతున్న ఫొటో కనపడగానే దానికి సప్తపది అని పేరు పెడతారు. హిందీ సినిమాల ఏడు ఫేరాలు కళ్ళలో ఉండటం వల్ల వచ్చిన అలవాటిది. మన సప్తపదిలో అగ్నికి పక్కన ఏడు అడుగులు వేయిస్తారు, కెమెరాకు కనపడేది పాదాలు. అగ్ని చుట్టూ ప్రదక్షిణం లాజహోమంలోది. పెళ్ళికూతురి అన్నో తమ్ముడో ఆమె దోసిట్లో పేలాలు పోస్తాడు, అవి వేల్చి ప్రదక్షిణం చేసి సన్నికల్లు తొక్కుతారు, మళ్ళీ మొదలు. ఒకే పని మూడుసార్లు జరుగుతుంది కనుక మూడుసార్లూ అన్నీ పెట్టనక్కర్లేదు. మొదటి విడత నుంచి అన్నయ్య పోస్తున్న దోసిలి, రెండో విడత నుంచి నడక, మూడో విడత నుంచి రాయి మీద కుడిపాదం తీసుకుంటే ఒక్క షీటులో తంతు పూర్తవుతుంది, వరుసా చెడదు.

ఇప్పుడు రెండు ఇళ్ళ సంగతి. ఒకే సమయంలో ఇక్కడ పెళ్ళికూతుర్ని చేస్తారు, అక్కడ పెళ్ళికొడుకుని చేస్తారు. గడియారాన్ని అలాగే అనుసరిస్తే ఆల్బమ్ ఇక్కడికీ అక్కడికీ గెంతుతుంది. ఒక పేజీలో ఈ ఇంటి నలుగు, తర్వాతి పేజీలో ఆ ఇంటి స్నానం, మళ్ళీ ఈ ఇల్లు. చూసేవాళ్ళకు ఎవరి పెద్దమ్మ ఎవరో అర్థం కాదు. ఇలాంటి చోట షీటునే రెండు ఇళ్ళుగా పంచుకోవడం మేలు. ఎడమ పేజీ అంతా అమ్మాయి ఇల్లు, కుడి పేజీ అంతా అబ్బాయి ఇల్లు, ఒక్కో షీటులో రెండు వైపులా ఒకే తంతు. మా ఉదాహరణలో ఆరు షీట్లు ఇలా నడుస్తాయి. ఎదుర్కోలు షీటులో మొదటిసారి రెండు పేజీల మీదా పరుచుకున్న ఒకే పెద్ద ఫొటో వస్తుంది, అందులో రెండు కుటుంబాలూ ఉంటాయి. అర్ధరాత్రి తర్వాత మళ్ళీ ఒకసారి విడిపోతారు. అమ్మాయి గౌరీపూజలో, అబ్బాయి మండపం మీద వరపూజలో. ఆ షీటు మళ్ళీ సగం సగం. మేనమామ పెళ్ళికూతురిని బుట్టలో తెచ్చే ఫొటోతో ఇద్దరూ ఒకే చోటికి చేరతారు.

ఎడమ కుడి అన్న మాట వచ్చింది కాబట్టి షీటు లోపలి వరుస గురించి చెప్పాలి. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం. కానీ కన్ను ముందు పెద్ద ఫొటో మీద పడుతుంది, తర్వాతే చిన్నవాటికి వెళ్తుంది. మాంగళ్యధారణనే చూద్దాం. కొబ్బరిబొండం మీద పెట్టిన పుస్తెలను పళ్ళెంలో మండపమంతా తిప్పి పెద్దలందరి చేతా తాకిస్తారు. పెళ్ళికొడుకు వాటిని ఎత్తి అందరికీ చూపిస్తాడు. మూడు ముళ్ళు వేస్తాడు. ఆ వెంటనే పెళ్ళికూతురు కళ్ళెత్తుతుంది, లేదా ఎత్తదు. చాలా ఆల్బమ్‌లలో ముడి వేసే ఫొటోను ఎడమవైపు పెద్దగా పెట్టి, పళ్ళెం ఫొటోలను కుడివైపు కింద చిన్నగా పెడతారు. అప్పుడు ముడి పడ్డాక పుస్తెలను ఆశీస్సులకు తిప్పినట్టుంటుంది. నేనైతే దీనికి మూడు షీట్లు ఇస్తాను. మొదటిదాంట్లో పళ్ళెం ప్రయాణం, తాతయ్య వేళ్ళు, నాయనమ్మ వేళ్ళు, వరుసగా నాలుగైదు చిన్న ఫొటోలు. రెండోదాంట్లో ఎడమన పుస్తెలెత్తి చూపుతున్న చిన్న ఫొటో, కుడిన ముడి వేస్తున్నది పెద్దగా. మూడోదాంట్లో అక్షింతల వానలో ఇద్దరి ముఖాలు, కింద ఒక మూల పెళ్ళికూతురి నాన్న. మధ్య మడత మీద ఎవరి ముఖమూ పడకుండా చూసుకోవాలి.

తలంబ్రాలకు వేగం వేరు. మొదట మంత్రంతో పద్ధతిగా పోస్తారు, తర్వాత పోటీ మొదలవుతుంది, చివరికి పళ్ళెం పళ్ళెమే తల మీద బోర్లించడం. ఆల్బమ్ కూడా అలాగే నడవాలి. మొదటి షీటులో రెండే ఫొటోలు, తర్వాత రెండు షీట్లలో చిన్న ఫొటోలు గుప్పున, నాలుగోదాంట్లో బియ్యంతో నిండిన రెండు తలలు. ఇక్కడ జుట్టులోని బియ్యం పరిమాణమే వరుస చెబుతుంది. నెత్తి నిండా బియ్యం ఉన్న ఫొటో ముందొచ్చి, శుభ్రమైన జుట్టుతో మొదటి దోసిలి పోసే ఫొటో తర్వాత రావడం నేను చాలా చోట్ల చూశాను.

ఈ గందరగోళానికి పెద్ద కారణం రెడీమేడ్ టెంప్లేట్లు. ఒక డిజైన్‌లో మూడు నిలువు గళ్ళు, ఒక అడ్డ గడి ఉంటాయి. ఆ ఘట్టంలో నిలువు ఫొటోలు రెండే ఉన్నాయి. మూడో గడి నింపడానికి డిజైనర్ మరో ఘట్టంలోంచి నిలువు ఫొటో లాక్కొస్తాడు. వరుస తెగేది అక్కడే. ఇంకొకరు రెండు వైపులా సమానంగా కనపడాలని ఫొటోను అద్దంలోలా తిప్పేస్తారు. చీరకొంగు కుడి భుజం మీదికి వస్తుంది, జంధ్యం కుడి భుజం నుంచి దిగుతుంది, కుడిచేత్తో పట్టుకోవాల్సిన చెయ్యిని ఎడమచేత్తో పట్టుకుంటారు. పాణిగ్రహణాన్ని అలా తిప్పితే ఆ తంతే జరగనట్టు. గళ్ళ సంఖ్య మార్చమని అడగండి, ఒక గడి తీసేసి ఖాళీ వదలమనండి. ఖాళీ జాగా వరుసను పాడుచేయదు.

రిసెప్షన్ ఎక్కడ పెట్టాలన్నది ప్రతి ఇంట్లోనూ వాదనే. మా ఉదాహరణలో అది పెళ్ళికి ముందు జరిగింది. రాత్రి ముహూర్తాలకు నగరాల్లో ఇప్పుడిదే పద్ధతి, చుట్టాలు పెందరాళే భోంచేసి వెళ్ళొచ్చని. ఆల్బమ్‌లో మాత్రం చాలామంది దాన్ని చివరికి నెట్టమంటారు, పెళ్ళయ్యాకే విందు అన్న అలవాటుతో. నేను ఒప్పుకోను. రిసెప్షన్ ఫొటోల్లో అమ్మాయి మెడలో పుస్తెలు లేవు, కాళ్ళకు మెట్టెలు లేవు. అప్పగింతల తర్వాత ఆ ఫొటోలు వస్తే పెద్దవాళ్ళ మనసు చివుక్కుమంటుంది, వాళ్ళు పైకి చెప్పకపోవచ్చు. జరిగిన చోటే, ఎదుర్కోలుకూ స్నాతకానికీ మధ్య ఆరు షీట్లుగా ఉండనివ్వండి. వేదిక మీద వరుసగా నిలబడి తీయించుకున్న గుంపు ఫొటోలన్నీ ఆ ఆరింటిలోనే సర్దుకుంటాయి. పెళ్ళికి నిద్ర ఆపుకుని కూర్చున్న దగ్గరి బంధువుల ఆశీర్వాదాలు మాత్రం తలంబ్రాల తర్వాత రెండు షీట్లు. వాళ్ళు నిజంగా మండపం ఎక్కేది అప్పుడే, పురోహితుడు హోమానికి సర్దుకునే ఆ కాసేపట్లో.

పగటి పెళ్ళిళ్ళలో అరుంధతీ దర్శనం ఫొటోను తీసేస్తుంటారు. ఎండలో చూపుడువేలు ఆకాశంలోకి, ఇద్దరూ కళ్ళు చిట్లించి చూస్తుంటారు, నక్షత్రం ఎక్కడుందని. ఉంచండి. హోమం తర్వాతి చోటు దానిదే. తెలంగాణ పెళ్ళిళ్ళలో మైలపోలు ముందు భాగంలోనూ, బరాత్ చివరి భాగంలోనూ వస్తాయి. బరాత్ రాత్రిపూట జరిగితే దాన్ని అప్పగింతల ముందో వెనకో పెట్టేది ఆ ఇంటివాళ్ళు చెప్పాలి, ఒక్కో చోట ఒక్కోలా సాగుతుంది.

ప్రింటుకు పంపే ముందు నమూనా షీట్లు ఇస్తారు. వాటిని ఇంట్లో ఒకేసారి అందరూ కలిసి చూడకండి, ముఖాల దగ్గరే ఆగిపోతారు. ఒక్కరు కూర్చుని ముందు మెడలు మాత్రమే చూసుకుంటూ నలభై షీట్లూ తిప్పాలి. రెండోసారి కాళ్ళు. మూడోసారి జుట్టు, దండలు. ఆ తర్వాత పెళ్ళిలో మొదటి నుంచి చివరి దాకా మండపం మీద ఉన్న పెద్దావిడ చేతికి ఇవ్వండి, పేజీల మీది పేర్లు కనపడకుండా. ఏ షీటు దగ్గర ఆవిడ వెనక్కి తిప్పి చూస్తే ఆ షీటు నంబరు రాసుకోండి. ఆ నంబర్లు స్టూడియోకు పంపితే సరిచేయించుకోవచ్చు. ప్రింటయ్యాక మాత్రం షీట్లు అట్టలకు అంటుకుపోయి ఉంటాయి, ఒక్కటి మార్చాలన్నా బైండింగు మొత్తం విప్పాలి.